పాఠం: ఎముక ద్వారా వినడం – రోడ్డు మీద ఏ హెడ్‌ఫోన్?

తెల్లవారుజామున సైకిలు మీద పాలు, పేపర్లు వేసేవారు, పరుగు సాధన చేసేవారు, పనికి నడిచి వెళ్లేవారు చాలామంది ఫోనులో పాటలో పాఠాలో వింటూ వెళ్తుంటారు. వీరి కోసమే చెవిలో పెట్టుకోనవసరంలేని హెడ్‌ఫోన్లు వచ్చాయి. వీటిని బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు అంటారు. ‘చెవి తెరిచే ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు’ అని దుకాణంలో చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ధ్వని లోపలికి వెళ్లే రెండు దారులు

మామూలుగా ధ్వని గాలిలో ప్రయాణించి, చెవి నాళం గుండా వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనుక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. దాని పేరు కర్ణావర్తం. కోక్లియా అని కూడా అంటారు. కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపేది ఇదే.

రెండో దారి పుర్రె ఎముక. కర్ణావర్తం ఆ ఎముకలోనే ఇమిడి ఉంది. కాబట్టి ఎముకను కంపింపజేస్తే, కర్ణభేరితో పెద్దగా పని లేకుండానే, ధ్వని అక్కడికి చేరుతుంది.

*చేసి చూడండి:* ఒక జంతిక ముక్కను నోట్లో వేసుకుని, రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసి నమలండి. మీకు పెద్ద చప్పుడు వినిపిస్తుంది. పక్కన కూర్చున్నవారికి అంత చప్పుడు వినిపించదు. ఆ శబ్దం ఎముక దారిన వచ్చింది. రికార్డు చేసిన మన గొంతు మనకే కొత్తగా అనిపించడానికి కారణం కూడా ఇదే: మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు రెండు దారులా వినిపిస్తుంది, రికార్డులో గాలి దారి ఒక్కటే ఉంటుంది.

బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్‌లో చిన్న స్పీకరుకు బదులు కంపించే బిళ్ల ఉంటుంది. అది చెవి రంధ్రానికి ముందు, చెంప ఎముక మీద ఆనుకుని ఉండాలి. బిళ్ల కిందికి జారినా, హెల్మెట్ పట్టీ దాన్ని పక్కకు నెట్టినా శబ్దం సన్నగిల్లుతుంది. అప్పుడు చాలామంది వాల్యూమ్ పెంచుతారు. ముందు బిళ్లను సరిచేసుకోవాలి.

ఇయర్‌బడ్ ఏమి చేస్తుంది?

రబ్బరు మొన ఉన్న ఇయర్‌బడ్ చెవి నాళాన్ని బిరడాలా మూసేస్తుంది. బయటి శబ్దం తగ్గి లోపలికి వస్తుంది. బస్సులో కూర్చున్నప్పుడు ఇది మేలే. తక్కువ వాల్యూమ్‌తోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. రోడ్డు మీద ఏమవుతుందో ఒక లెక్క ద్వారా చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి.

ఒక యువకుడు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కుతున్నాడు. అంటే సెకనుకు 5 మీటర్లు. వెనుక నుంచి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున, ఒక కారు వస్తోంది. వారి మధ్య దూరం సెకనుకు 10 మీటర్ల చొప్పున తగ్గుతుంది. పాట లేకపోతే కారు 80 మీటర్ల దూరంలో ఉండగా అతనికి వినిపిస్తుందనుకుందాం. పక్కకు జరగడానికి 8 సెకన్లు ఉన్నట్లు.

ఇప్పుడు అతను చెవులు తెరిచి ఉంచి, బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్‌లో పాట పెట్టాడు. పాట వల్ల కారు శబ్దం కొంత మరుగున పడి, 40 మీటర్ల దగ్గర వినిపించింది. మిగిలినవి 4 సెకన్లు. అదే పాట, అంతే గట్టిగా, రబ్బరు మొన ఇయర్‌బడ్‌లో పెడితే? ఆ మొన బయటి శబ్దాన్ని 12 డెసిబెల్స్ తగ్గిస్తుందనుకోండి. ఆరుబయట శబ్దం దూరం సగమైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. తగ్గిన 12 డెసిబెల్స్ భర్తీ కావాలంటే దూరం రెండుసార్లు సగం కావాలి. అంటే కారు 10 మీటర్ల దగ్గరకు వచ్చాక గానీ వినిపించదు. మిగిలింది 1 సెకను.

1 సెకనుకూ 4 సెకన్లకూ ఉన్న తేడా చిన్నది కాదు. కానీ 8 సెకన్లు 4 సెకన్లు అయిన సంగతిని కూడా మరిచిపోకూడదు. దుకాణంలో చెప్పనిది ఇదే.

చెవి తెరిచి ఉన్నా ఎందుకు వినిపించదు?

పాట ఎముక దారిన, కారు శబ్దం గాలి దారిన వచ్చినా, రెండూ చేరేది ఒకే కర్ణావర్తానికి. అక్కడ పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. దీన్ని శబ్దావరణం అనవచ్చు. దీనికి తోడు మనసు కథలోనో పాటలోనో లీనమైతే, వినిపించినదాన్ని కూడా గమనించలేము. సైకిలు వేగం పెరిగే కొద్దీ చెవి దగ్గర గాలి హోరు కూడా పెరుగుతుంది. విద్యుత్ ఆటోలు, స్కూటర్లు నెమ్మదిగా వచ్చేటప్పుడు ఇంజను మోత ఉండదు. వాటిని ఏ హెడ్‌ఫోనూ లేని చెవి కూడా పసిగట్టలేకపోవచ్చు. కాబట్టి మలుపు తిరిగే ముందు వెనక్కి చూడటం మానకూడదు.

మరో ఇబ్బంది ఉంది. ఈ హెడ్‌ఫోన్లలో తబలా, డోలు వంటి మంద్ర ధ్వనులు పలుచగా వినిపిస్తాయి. వాల్యూమ్ బాగా పెంచితే చెంప మీద చక్కిలిగింత పుడుతుంది. లారీలు, బస్సులు తిరిగే రోడ్డు మీద పాఠంలోని మాటలు అర్థమే కావు. అప్పుడు కొందరు చెవుల్లో దూది పెట్టుకుంటారు. నాళం మూసుకుంటే ఎముక ద్వారా వచ్చే మంద్ర ధ్వని బలపడుతుంది కాబట్టి పాట బాగా వినిపిస్తుంది. కానీ ఏ చెవిని తెరిచి ఉంచాలని డబ్బు పెట్టామో ఆ చెవినే మూసుకున్నట్లయింది! మాటలు అర్థం కానంత రద్దీ ఉన్న చోట ఆపివేయడమే సరైన పని.

*చేసి చూడండి:* వాహనాలు లేని చోట హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడండి. మీ స్నేహితుణ్ణి 20 అడుగులు వెనుక నిలబడి, సైకిలు బెల్లు ఒక్కసారి మెల్లగా కొట్టమనండి. ఎప్పుడు కొడతాడో మీకు ముందుగా చెప్పకూడదు. ప్రతిసారీ మీరు గుర్తించగలిగే వరకు వాల్యూమ్ తగ్గిస్తూ రండి. రోడ్డు మీద ఆ గుర్తు దాటకండి.

కొత్తది కొనలేనివారు ఒక ఇయర్‌బడ్‌ను ఎడమ చెవిలో మాత్రమే పెట్టుకోవచ్చు. మన దేశంలో ఎడమ వైపున వెళ్తాం కాబట్టి దాటిపోయే వాహనాలు కుడి వైపున ఉంటాయి. కుడి చెవి తెరిచి ఉంటుంది. అయితే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు రెండు చెవులకు చేరిన తేడాను బట్టి తెలుసుకుంటుంది. ఒక చెవి మూస్తే ఆ అంచనా దెబ్బతింటుంది.

ఎముక ద్వారా వింటే చెవికి హాని లేదనే మాట నిజం కాదు. పెద్ద శబ్దానికి చెడిపోయేది కర్ణావర్తమే. ఏ దారిన వచ్చినా దానికి ఒకటే.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. కర్ణభేరికి రంధ్రం పడినవారికి బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ ద్వారా పాట వినిపిస్తుందా?
2. పై లెక్కలో కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తే, 10 మీటర్ల దగ్గర విన్న యువకుడికి ఎన్ని సెకన్లు మిగులుతాయి?

జవాబులు

1. కర్ణావర్తం బాగుంటే వినిపిస్తుంది. కర్ణావర్తమే దెబ్బతింటే ఈ దారి కూడా అంతగా ఉపయోగపడదు.
2. కారు వేగం సెకనుకు 10 మీటర్లు, సైకిలు వేగం 5 మీటర్లు. దూరం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. కాబట్టి 2 సెకన్లు.