నుంచి, వరకు: మధ్యలో ఎన్ని రోజులు?

ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు వరకు ఎన్ని రోజులు? మన క్లాసులో ఈ ప్రశ్న వేసి చూశాను. కొందరు తొమ్మిది అన్నారు, ఇంకొందరు పది అన్నారు. నిజానికి రెండూ సరైనవే. ముందు మనం దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవాలి.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. ఈ మంగళవారానికి, రెండు వారాల తర్వాత వచ్చే మంగళవారానికి మధ్య ఉన్నవి 14 రోజులే. అయినా అమ్మ "పదిహేను రోజులకోసారి" అంటుంది, నాన్న "హదినైదు దిన" అంటారు. పురుడు పదకొండో రోజు అన్నప్పుడు కూడా పుట్టిన రోజే ఒకటో రోజు. అంటే మొదటి రోజును కలిపి లెక్కపెట్టడం మన ఇళ్లలో అలవాటే. మాటల్లో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, డబ్బు దగ్గరే తేడా వస్తుంది.

వడ్డీతో మొదలుపెడదాం. నగలు తాకట్టు పెట్టి జూన్ 10న 40,000 రూపాయలు తెచ్చి, సెప్టెంబర్ 8న తీర్చామనుకోండి. వడ్డీ ఏడాదికి నూటికి 12. జూన్ 10 నుంచి జూలై 10కి 30 రోజులు, అక్కడినుంచి ఆగస్టు 10కి 31, ఆపైన సెప్టెంబర్ 8కి 29. మొత్తం 90. రెండు చివరి రోజులనూ కలిపితే 91 అవుతుంది. ఒక రోజు వడ్డీ సుమారు 13 రూపాయల 15 పైసలు. చిన్నదే, కానీ ఏ లెక్క సరైనదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సెప్టెంబర్ 8నే వడ్డీ మాత్రం కట్టి, అదే అప్పును డిసెంబర్ 7 వరకు తిరగరాయించామనుకోండి. రెండో విడత కూడా 90 రోజులే. జూన్ 10 నుంచి డిసెంబర్ 7కి నేరుగా లెక్కిస్తే 180, సరిగ్గా సరిపోయింది. రెండు చివరలూ కలిపే పద్ధతిలో 91కి 91 కలిపి 182 వస్తుంది. అదే పద్ధతిలో మొత్తాన్ని ఒకేసారి లెక్కిస్తే 181. అంటే సెప్టెంబర్ 8కి రెండుసార్లు వడ్డీ పడింది! అందుకే వడ్డీకి నేనైతే రాత్రుళ్లను లెక్కపెడతాను. ఆ డబ్బు మన ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర చేసిందో అన్ని రోజుల వడ్డీ. అయితే కొన్ని వడ్డీ కొట్లలో నెల దాటి నాలుగు రోజులైనా పూర్తి నెల వడ్డీ పట్టేస్తారు. అక్కడ ఈ లెక్క పనికిరాదు, రసీదు మీద షరతు ఏముందో ముందే చదవాలి.

నోటీసు సంగతి వేరు. మా పెద్దమ్మ కూతురు మార్చి 3న రాజీనామా ఉత్తరం ఇచ్చింది. 30 రోజుల నోటీసు. అక్క మార్చి 3నే ఒకటో రోజుగా పట్టి, ఏప్రిల్ 1తో 30 అయిపోయిందనుకుని ఆ సాయంత్రమే బయటికొచ్చేసింది. ఆఫీసు వాళ్లు ఒక రోజు తక్కువైందని ఒక రోజు జీతం కోశారు. నాకు కోపం వచ్చింది గానీ, లెక్క వాళ్లదే సరి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, చట్టాల్లో "ఫలానా రోజు నుంచి" అని రాస్తే ఆ మొదటి రోజు లెక్కలోకి రాదు. "వరకు" అంటే చివరి రోజు కలుస్తుంది. ఉద్యోగ ఒప్పందాల్లో వేరే మాట రాసి లేకపోతే మామూలుగా ఇదే పద్ధతి పాటిస్తారు. మార్చి 4 ఒకటో రోజు, మార్చి 31 ఇరవై ఎనిమిదోది, ఏప్రిల్ 2 ముప్పయ్యోది. ఒప్పందంలో "30 రోజులు" బదులు "ఒక నెల" అని ఉంటే మళ్లీ మారుతుంది. అప్పుడు గడువు ఏప్రిల్ 3తో ముగుస్తుంది. ఉత్తరంలో "30 రోజుల తర్వాత" అని వదిలేయకుండా, "నా చివరి పనిదినం ఏప్రిల్ 2" అని తారీఖే రాస్తే, తేడా ఉంటే ఆ రోజే బయటపడేది.

సెలవు చీటీలో మాత్రం రెండు చివరలూ కలుస్తాయి. 10వ తారీఖు సోమవారం నుంచి 14 శుక్రవారం వరకు అంటే ఐదు రోజులు. 14లోంచి 10 తీసేసి, ఒకటి కలపాలి. ఆ ఒకటి గుర్తుండదనిపిస్తే, సెలవు ముగిసిన మర్నాటి తారీఖులోంచి మొదటి రోజును తీసేయండి. 15లోంచి 10 పోతే నేరుగా ఐదు. శుక్రవారం నుంచి సోమవారం వరకు పెడితే ఈ లెక్కకు నాలుగు వస్తుంది, కానీ మధ్యలో శని, ఆదివారాలు ఉన్నాయి కదా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు క్యాజువల్ లీవులో మధ్యనున్న వారాంతపు సెలవులు లెక్కలోకి రావు, ఖాతాలోంచి పోయేవి రెండే. అదే ఎర్న్‌డ్ లీవు అయితే నాలుగూ పోతాయి.