అచ్చులు లేని పాత పహాణీలో పేరు చదవడం

గార్ల తహసీల్ ఆఫీసు చుట్టూ పనిచేసే డాక్యుమెంట్ రైటర్లకు, జూనియర్ వకీళ్లకు, సర్వేయర్లకు ఎప్పుడో ఒకప్పుడు ఉర్దూ కాగితం చేతికొస్తుంది. ఎక్కువగా అది 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు, లేదా అంతకు ముందటి నిజాం కాలపు కాగితం. అక్షరాలు గుర్తుపట్టడం కొన్ని నెలల్లో వస్తుంది. అసలు కష్టం అక్కడ లేదు. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులకు అక్షరాలు లేవు. జబర్, జేర్, పేష్ అనే గుర్తులున్నా గిర్దావరీ రాసే చేయి వాటిని పెట్టదు. హల్లు ఒత్తిందో లేదో చెప్పే గుర్తునూ పెట్టదు. ఆ లిపిలో తెలుగు పేరు రాస్తే ఎముకలగూడు మాత్రమే మిగులుతుంది.

పట్టాదారు గడిలో ‘చ్-న్-య్-ఆ వల్ద్ య్-ల్-య్-ఆ’ అని ఉందనుకుందాం. వల్ద్ అంటే ఫలానా వాళ్ల కొడుకు. మొదటి పేరు చిన్నయ్య కావచ్చు, చెన్నయ్య కావచ్చు. రెండూ మన దగ్గర నిజంగా ఉన్న పేర్లే. ఇద్దరి మనవలూ ఆ చెలక మాదంటే మాదని వచ్చి కూర్చుంటే, మీరు చేసే తర్జుమాలో ఒక్క గుడి, ఒక్క ఎత్వం తేడాతో భూమి ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది.

అందుకే మొదట పేరు చదవొద్దు. కాగితం మీద ఉన్న హల్లులనే తెలుగులో, పొల్లు పెట్టి, విడివిడిగా రాసుకోండి. ఆ తర్వాతే వీలున్న పేర్లన్నీ పక్కన రాయండి. కక్షిదారు చెప్పిన పేరు ముందే చెవిలో పడితే కన్ను దాన్నే చూస్తుంది కాబట్టి, ఈ పని అతనితో మాట్లాడకముందే అయిపోవాలి.

కొన్ని పేర్లను రాతే కొట్టేస్తుంది. దీర్ఘం ‘ఆ’కు అలిఫ్ రాస్తారు. ‘క్-మ్-ర్-య్-ఆ’లో మ్ తర్వాత అలిఫ్ లేదు కాబట్టి కుమారయ్య కంటే కొమరయ్యకే బలం ఎక్కువ. వావ్ మాత్రం అంత సాయం చేయదు. అది ఊ, ఓ, వ మూడింటికీ వస్తుంది. ‘ప్-ల్-వావ్-ర్’ను పుల్లూరు అని మనం తేల్చేది మండలంలో ఆ ఊరుందని తెలియబట్టే. కనుక ఊరి పేర్లకు రెవెన్యూ గ్రామాల జాబితా పక్కన పెట్టుకుంటే సగం పని తీరుతుంది. మనుషుల పేర్లకు అలాంటి జాబితా ఉండదు.

చుక్కల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తొందర రాతలో చుక్కలు పడిపోతాయి. పదం మొదట్లో య, ప, న, బ అన్నీ ఒకే చిన్న గీత. కింద రెండు చుక్కలుంటే య, మూడుంటే ప, పైన ఒకటుంటే న. అవి లేకపోతే తండ్రి పేరు యెల్లయ్య, పుల్లయ్య, నల్లయ్య ఏదైనా కావచ్చు. అప్పుడు అదే పేజీలో, అదే చేతి రాతలో, మీకు కచ్చితంగా తెలిసిన పేర్లు వెతకండి. అతను పుల్లూరు అనే మాటలో ‘ప’కు చుక్కలు పెట్టాడా, లేక ఎప్పుడూ వదిలేస్తాడా? ఎప్పుడూ పెట్టేవాడైతే ఇక్కడ కనిపించే రెండు చుక్కలను నమ్మొచ్చు.

చిన్నయ్యా చెన్నయ్యా అన్నది మాత్రం రాత తేల్చదు. ఇద్దరినీ ఒకేలా రాస్తారు. ఇక సర్వే నంబరు పట్టుకుని బయటికి నడవాలి. అదే నంబరు మీద తర్వాతి ఏళ్ల తెలుగు పహాణీ తీయండి, తెలుగులో అచ్చు తప్పక రాయాలి కదా. తండ్రి పేరు, ఎకరాలు-గుంటలు, ఖుష్కీనా తరీనా, ఈ మూడూ కలవాలి. విస్తీర్ణం 3 ఎకరాల 20 గుంటలుండి తెలుగులో 1 ఎకరం 30 గుంటలే కనిపిస్తే, అది సరిగ్గా సగం. మధ్యలో పంపకమో అమ్మకమో జరిగి ఉండొచ్చు, మిగతా సగం ఎవరి పేరున ఉందో చూడాలి. కాగితంలో ఫస్లీ ఏడాది ఉంటే 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది, 1357 ఫస్లీ అంటే 1947-48. ఏడాది తప్పు చదివితే వేరే తరం మనిషి దగ్గరికి వెళ్తారు. తాత పేరు మనవడికి పెట్టే మన ఊళ్లలో ఇది తరచూ జరిగే పొరపాటు.

గార్లలో దొరకని పాత కాగితం లేదనుకోవద్దు. ఈ మండలం 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉంది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడక ముందు వరంగల్ కిందుండేది. రికార్డు గదుల్లో అడగాల్సింది ఆ వరసలోనే. అక్కడా లేకపోతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

యెల్లయ్యకు చిన్నయ్య, చెన్నయ్య ఇద్దరూ కొడుకులే అని తేలితే తండ్రి పేరూ సాయం రాదు. ఆ స్థితిలో ఎక్కువమందికి ఉండే పేరని ఒకటి ఎంచి రాయడం నా దృష్టిలో తప్పు. తర్జుమాలో ‘చిన్నయ్య లేదా చెన్నయ్య, మూలంలో అచ్చు గుర్తు లేదు’ అని ఉన్నదున్నట్టు రాసి, మీరు చూసిన ఇతర కాగితాల నంబర్లు కింద ఇవ్వండి. కక్షిదారుకు అది నచ్చకపోవచ్చు. కానీ ఎదుటి వకీలు మూల కాగితం తెప్పించి ఇంకొకరితో చదివించినప్పుడు నిలబడేది ఆ వాక్యమే.