కరెంటు లేని సాయంత్రం పిల్లలకి యక్షప్రశ్నలు: చీకట్లో ఎలా చెప్పాలి, ఎలా ఆడించాలి

వేసవిలో గాలివాన వచ్చిందంటే మన అపార్ట్‌మెంట్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. జనరేటర్ లిఫ్టుకీ కారిడార్ లైట్లకీ మాత్రమే. ఇంట్లో వైఫై పోతుంది, టీవీ పోతుంది, ఫోన్లో పన్నెండు శాతం ఛార్జింగ్ ఉంటే అది పెద్దవాళ్లు దాచుకుంటారు. ఇక పిల్లలు పది నిమిషాలకోసారి "ఎప్పుడొస్తుంది?" అని అడుగుతూ ఉంటారు. అలాంటప్పుడు "రండి, కథ చెప్తా" అంటే రెండు నిమిషాలు వింటారు, తర్వాత ఒకళ్ల కాలు ఒకళ్లు తొక్కుకోవడం మొదలుపెడతారు. కథలో తప్పేం లేదు. చీకట్లో కళ్లకి పని ఉండదు కాబట్టి నోటికో చేతికో పని కావాలి. వాళ్లకి పని ఉన్న కథ చెప్పాలి.

నాకు తెలిసినంతలో ఈ పనికి మహాభారతంలోని యక్షప్రశ్నలకు మించిన కథ లేదు. కారణం చాలా సింపుల్. ఈ కథలో సగం సేపు యక్షుడు కనిపించడు. గొంతు మాత్రమే వినిపిస్తుంది. వెలుతురులో చెప్తే ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో పిల్లలకి కనిపిస్తూనే ఉంటుంది, మజా పోతుంది. చీకటి ఉంటేనే ఈ కథ పూర్తిగా పనిచేస్తుంది.

ముందు గది సంగతి. దీపం ఒకటి చాలు. స్టీలు పళ్లెంలో పెట్టి, పిల్లల చెయ్యి అందని ఎత్తులో, కర్టెన్లకి దూరంగా, గదిలో ఒక మూల ఉంచండి. మీరు రెండో మూల కూర్చోండి. మీ పక్కన ఒక ఖాళీ స్టీలు బిందె పెట్టుకోండి. బిందె మూతి దగ్గర నోరు పెట్టి మెల్లగా, లోగొంతుతో మాట్లాడితే మాట గుమ్మని మారుమోగుతుంది. అదే యక్షుడి గొంతు. అరవాల్సిన పని లేదు, అరిస్తే చిన్నపిల్లలు ఏడుస్తారు. నెమ్మదిగా మాట్లాడితే మాత్రం వాళ్లంతట వాళ్లే దగ్గరికి జరుగుతారు.

కథ ఇది. అరణ్యవాసం పన్నెండో ఏడు చివర్లో ఒక బ్రాహ్మడు పాండవుల దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఆయన అరణి ఒక జింక కొమ్ములకి చిక్కుకుంది, జింక దాంతోనే అడవిలోకి పారిపోయింది. అరణి అంటే పిల్లలకి తెలీదు కదా, అప్పటి అగ్గిపెట్టె అని చెప్పండి. ఒకదాంతో ఒకటి మథించి నిప్పు పుట్టించే కొయ్యలు. అవి లేకపోతే ఆయనకి ఆ పూట అగ్నిహోత్రం లేదు. చీకట్లో కూర్చున్న పిల్లలకి నిప్పు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయిదుగురు అన్నదమ్ములూ జింక వెంట పడతారు, అది దొరకదు, అలిసిపోయి దాహంతో మర్రిచెట్టు కింద కూలబడతారు. నకులుడు చెట్టెక్కి చూస్తే నీటి దగ్గర పెరిగే చెట్లు కనిపిస్తాయి, కొంగల అరుపులు వినిపిస్తాయి. నీళ్లు తేవడానికి వెళ్తాడు.

ఇక్కణ్ణుంచి పిల్లలకి పని పెట్టండి. నకులుడు దోసిలి పట్టగానే బిందెలోంచి గొంతు: ఈ చెరువు నాది, ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పు, తర్వాతే తాగు. నకులుడు వినడు, తాగుతాడు, పడిపోతాడు. తర్వాత సహదేవుడు, ఆ తర్వాత అర్జునుడు, చివరికి భీముడు. నలుగురికీ జరిగేది ఒకటే. ఈ రిపీట్ ఉండటమే మన అదృష్టం. మొదటిసారి మీరు చెయ్యండి. రెండోసారి బిందె పెద్దపిల్లకి ఇచ్చెయ్యండి, యక్షుడు తనే. చిన్నవాళ్ల చేతిలో దిండు పెట్టండి, తమ్ముడు పడిపోయినప్పుడల్లా ధబ్ మని కొట్టడం వాళ్ల డ్యూటీ. అర్జునుడి దగ్గర కాస్త ఆగండి. ఆయన కనిపించని శత్రువు మీదికి, శబ్దం వచ్చిన దిక్కుకి బాణాలు వేస్తాడు. గొంతు ఎటునుంచి వస్తోందో కళ్లు మూసుకుని వేలు చూపించమని అడగండి. చీకట్లో అదే ఒక ఆట అయిపోతుంది, ఇంకో పది నిమిషాలు గడిచిపోతాయి.

ఒక్క జాగ్రత్త. ఆరేళ్ల లోపు పిల్లలుంటే "చచ్చిపోయాడు" అనకండి, "పడిపోయాడు, కదలట్లేదు" అంటే చాలు. చిన్నది మీ చొక్కా పట్టుకుని మాట్లాడటం మానేసిందంటే భయపడుతోందని అర్థం. అప్పుడు బిందె దాని చేతికే ఇవ్వండి. గొంతు ఎలా పుడుతోందో తెలిస్తే భయం పోతుంది.

ఆఖర్న ధర్మరాజు వస్తాడు. తమ్ముళ్లు నలుగురూ పడి ఉన్నారు, ఒంటి మీద ఒక్క గాయం లేదు. గొంతు తాను కొంగనని, చేపలూ నాచూ తిని బతుకుతానని చెప్పుకుంటుంది. నలుగురు వీరుల్ని పడగొట్టింది కొంగేంటని ధర్మరాజు నమ్మడు, నువ్వెవరో చెప్పమంటాడు. అప్పుడు యక్షుడు బయటపడతాడు. ఈ కొంగ ముక్క చాలామంది చెప్పేటప్పుడు వదిలేస్తారు. వదలకండి, పిల్లలు నవ్వేది ఇక్కడే.

తర్వాత ప్రశ్నలు. మూలంలో జాబితా చాలా పెద్దది, వాటిలో సగం పిల్లలకి ఎక్కవు. నేను ఎనిమిది తీసుకుంటాను. చిన్నవాళ్లకి నాలుగు: కళ్లు మూయకుండా నిద్రపోయేది, పుట్టినా కదలనిది, గుండె లేనిది, పరుగుతోనే పెరిగేది. జవాబులు వరుసగా చేప, గుడ్డు, రాయి, నది. పెద్దవాళ్లకి నాలుగు: భూమి కంటే బరువైనది, ఆకాశం కంటే ఎత్తైనది, గాలి కంటే వేగమైనది, గడ్డిపోచల కంటే ఎక్కువ ఉండేది. జవాబులు తల్లి, తండ్రి, మనసు, చింత. ఇంకో పేరున్న ప్రశ్న ఉంది, లోకంలో అన్నిటికంటే ఆశ్చర్యం ఏమిటని. రోజూ చావులు చూస్తూ కూడా మిగిలినవాళ్లు తాము శాశ్వతం అనుకోవడమే ఆశ్చర్యం అని దాని జవాబు. గొప్ప ప్రశ్నే, కానీ చీకట్లో ఏడేళ్ల పిల్లాడికి కాదు. అది పదో క్లాసు దాటాక.

ఆట నియమాలు రెండే. ఒకటి, ప్రతి ప్రశ్నకీ అందరికంటే చిన్నవాళ్లు ముందు చెప్పాలి, పెద్దవాళ్లు ఆఖర్న. ఇది పెట్టకపోతే పదకొండేళ్ల పిల్ల అన్నీ చెప్పేస్తుంది, మిగతా ఇద్దరూ లేచి వెళ్లిపోతారు. రెండు, యక్షుడు ఎప్పుడూ "తప్పు" అనకూడదు, "ఎందుకు?" అని మాత్రమే అడగాలి.

రెండో నియమం ఎలా పనిచేస్తుందో మా అక్క పిల్లలతో జరిగింది చెప్తాను. ముగ్గురు: నాలుగేళ్ల చిన్నది, ఏడేళ్ల వాడు, పదకొండేళ్ల పెద్దది. గాలి కంటే వేగమైనది ఏమిటని అడిగా. చిన్నది "బైకు" అంది. వాడు వెంటనే "లైట్, మావయ్యా! సైన్సులో చెప్పారు" అన్నాడు. ఫిజిక్స్ ప్రకారం వాడు కరెక్టే, కాదనడానికి లేదు. యక్షుడు బిందెలోంచి అడిగాడు: "సరే. తెనాలిలో మీ అమ్మమ్మ ఇంటి వెనక ఏముంది?" వాడు "నుయ్యి, జామచెట్టు" అన్నాడు. "ఇప్పుడు చూశావా?" "ఆ, చూశా." "వెళ్లడానికి ఎంతసేపు పట్టింది?" కొంచెంసేపు సైలెన్స్. తర్వాత పెద్దది "మైండ్! మనసు!" అని అరిచింది. నిజానికి దాని వంతు అదే, కాబట్టి రూలూ తప్పలేదు. జవాబు మీరే చెప్పేస్తే పది సెకన్లలో అయిపోయేది ఇలా మూడు నిమిషాలు నడుస్తుంది.

చేప ప్రశ్నకి చిన్నది తెల్లమొహం వేసింది. చేపలబజారులో బుట్టలో పడుకున్న చేపల్ని గుర్తు చెయ్యమని అక్క అంది, అంతే, దొరికింది. చేపకి మనలా కనురెప్పలు ఉండవు కాబట్టి మూయలేదు అని కూడా చెప్పాం. క్లూ ఎప్పుడూ పిల్లలు చూసిన చోటు నుంచే ఇవ్వండి. గడ్డిపోచల ప్రశ్నకి పెద్దది నక్షత్రాలు, వెంట్రుకలు, ఇసుక అని చాలా చెప్పింది. చింత అని తెలిశాక, మరి నీకెన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే వేళ్ల మీద తొమ్మిది దాకా వెళ్లింది. అందులో స్కూల్లో ఒక అమ్మాయి తనతో మాట్లాడట్లేదన్న సంగతి అక్కకి అప్పుడే తెలిసింది. మొహం కనిపించదు కాబట్టి చెప్పేసిందని నా అనుమానం.

ప్రశ్నలయ్యాక అసలు మలుపు. యక్షుడు ఒక్క తమ్ముణ్ణి బతికిస్తానంటాడు, ఎవరు కావాలో ఎంచుకోమంటాడు. ఇక్కడ కథ ఆపండి. జవాబు చెప్పకండి. ఒక్కొక్కరినీ అడగండి, కారణం కూడా చెప్పించండి. మావాడు అర్జునుడన్నాడు, యుద్ధం గెలవాలి కదా అని. చిన్నది భీముడంది, ఎత్తుకుని నడుస్తాడని. పెద్దది చాలాసేపు ఆలోచించి అర్జునుడే అంది. నకులుణ్ణి ఎవరూ అడగలేదు, సాధారణంగా ఎవరూ అడగరు. ఆ తర్వాత చెప్పాలి, ధర్మరాజు అడిగింది నకులుణ్ణి అని. కుంతికి కొడుకుగా తాను బతికి ఉన్నాడు, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలి. ఇది అర్థం కావాలంటే ఇద్దరు తల్లుల సంగతి కథ మొదట్లోనే, నకులుడు చెట్టెక్కేటప్పుడే, మామూలు మాటగా చెప్పి ఉంచాలి. చివర్లో చెప్తే లెక్కల్లో ఫార్ములా ఆఖర్న ఇచ్చినట్టుంటుంది.

ఆ జవాబుకి యక్షుడు మెచ్చి నలుగుర్నీ లేపుతాడు. తాను ధర్మదేవతనని, జింక రూపంలో వచ్చిందీ తానేనని చెప్పి అరణి తిరిగిచ్చేస్తాడు. చిన్నవాళ్లు దిండు తీసుకుని నలుగురు తమ్ముళ్లనీ తట్టి లేపాలి.

టైము మిగిలితే బిందె వంతులవారీగా తిప్పండి, ప్రశ్నలు పిల్లలే తయారుచెయ్యాలి. పద్ధతి అదే: "ఫలానా దానికంటే ఎక్కువైనది" లేదా "ఫలానాది లేనిది". మావాడి ప్రశ్న, కాళ్లు లేకుండా పైకెక్కేది. లిఫ్టు అనుకున్నాం. కరెంటు బిల్లట.

మొత్తం నలభై నిమిషాల పని ఇది. మధ్యలో కరెంటు వచ్చేసిందనుకోండి, పిల్లలు టీవీ వైపు లేస్తారు. నలుగురు తమ్ముళ్లూ పడిపోయిన చోట మాత్రం కథ వదిలెయ్యకండి, చిన్నవాళ్లు రాత్రి నిద్రలో అదే తలుచుకుంటారు. లైటు ఆపేసి ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టండి. కుదరకపోతే ఎనిమిది ప్రశ్నలూ దాటేసి, నకులుడి దగ్గరికి నేరుగా వెళ్లి, అందర్నీ లేపేసి పంపండి. మిగిలిన ప్రశ్నలు ఇంకోసారి కరెంటు పోయినప్పటికి.