ప్రాజెక్టు రాసే వైద్య విద్యార్థికి: జత కొలతలూ, సరైన పరీక్షా

టెస్టు ఎంపికలో మొదట చూడాల్సింది అంకెలను కాదు, అవి ఎవరి నుంచి వచ్చాయన్నది. ఒకే రోగికి మందుకు ముందూ తర్వాతా తీసిన బీపీ, ఒకే మనిషి రెండు కళ్ల పీడనం, వయసు కలిపి ఎంచిన రోగీ ఆరోగ్యవంతుడూ: ఇవన్నీ పెయిర్డ్. రెండు వార్డుల్లోని వేర్వేరు మనుషులైతే అన్‌పెయిర్డ్.

ఈ తేడా ఎంత పని చేస్తుందో కుష్నీ, పీబుల్స్ 1905లో ప్రచురించిన అంకెల్లో కనిపిస్తుంది. టీ టెస్టును పరిచయం చేసిన 1908 వ్యాసంలో ‘స్టూడెంట్’ వాడుకున్నవి కూడా ఇవే. పదిమంది రోగుల్లో ఒక్కొక్కరికీ రెండు నిద్రమందులు విడివిడిగా ఇచ్చి, ఎన్ని గంటల నిద్ర పెరిగిందో చూశారు. సగటు మొదటిదానికి 0.75 గంట, రెండోదానికి 2.33. వాటిని ఇరవై మంది వేర్వేరు మనుషుల అంకెలుగా భావించి అన్‌పెయిర్డ్ టీ టెస్టు చేస్తే పి విలువ 0.079. పెయిర్డ్ చేస్తే 0.003. మనిషికీ మనిషికీ నిద్రలో ఉండే తేడా మొదటి లెక్కలో మందు ప్రభావాన్ని కప్పేసింది.

నార్మాలిటీ దగ్గర చాలా ప్రాజెక్టులు తప్పటడుగు వేస్తాయి. పెయిర్డ్ డేటాలో ముందు కొలతలనో తర్వాతి కొలతలనో విడిగా పరీక్షించి లాభం లేదు. ఒక్కొక్కరి తేడాలు నార్మల్‌గా ఉన్నాయా అన్నదే ప్రశ్న. పై పదిమంది తేడాలు చిన్నవి నుంచి పెద్దవి వరకు: 0, 0.8, 1.0, 1.2, 1.3, 1.3, 1.4, 1.8, 2.4, 4.6. చివరిది గుంపుకు దూరంగా ఉంది. షాపిరో-విల్క్ పి విలువ 0.03, అంటే నార్మల్ అనుకోవడం కష్టం. ఇలాంటప్పుడు విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్టు వాడాలి. అది తేడాలకు ర్యాంకులిచ్చి చూస్తుంది కాబట్టి 4.6 బదులు 46 ఉన్నా ఫలితం మారదు. సున్నాను పక్కనపెడితే తొమ్మిది తేడాలూ ఒకే వైపున్నాయి. మందుల్లో తేడా లేకపోతే గుర్తులు పడే 512 రకాల్లో ఇలా అన్నీ ఒకవైపే ఉండేవి రెండే. పి విలువ 0.004. ఫలితంలో సగటుకు బదులు మధ్యగతం 1.3 గంటలు రాయడం సబబు. తేడాలు ఒకవైపు బాగా సాగి ఉంటే ఈ టెస్టు కూడా నమ్మదగింది కాదు, సైన్ టెస్టే మిగులుతుంది.

వేర్వేరు మనుషులైతే నార్మాలిటీని ఒక్కో గ్రూపులో చూడాలి. సరిపోతే వెల్చ్ టీ టెస్టు, లేకపోతే మాన్-విట్నీ. షాపిరో ఒక్కదాన్నే నమ్ముకోకూడదు: పదిమందిలో అది నిజమైన వంకరను వదిలేయవచ్చు, ఐదువందల మందిలో పట్టించుకోనక్కర్లేని వంకరను పట్టుకోవచ్చు. హిస్టోగ్రామ్ తప్పక గీయాలి.

అసలు ప్రమాదం డేటా సేకరణలో ఉంది. అవగాహన కార్యక్రమానికి ముందూ తర్వాతా పేర్లు లేకుండా ప్రశ్నపత్రాలు నింపిస్తే ఏది ఎవరిదో తెలియదు, జత పోయినట్టే. ఏ టెస్టూ దాన్ని తిరిగి తేలేదు. పేరు అక్కర్లేదు; రెండు పత్రాల మీదా ఒకే కోడ్ నంబరు రాయిస్తే చాలు.