ఇద్దరి జీతాలు, ఒకే ఇల్లు: ఉమ్మడి ఖాతాలో ఎవరెంత వేయాలి?

భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంటికి మూడు ఖాతాలు చాలు: ఎవరి జీతం ఖాతా వారిది, ఇంటి ఖర్చుకు ఒక ఉమ్మడి ఖాతా. చిక్కంతా వాటాల దగ్గరే. ఒకరి జీతం 60,000, మరొకరిది 40,000. అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు కలిపి నెలకు 50,000 అనుకుందాం. చెరి 25,000 వేయడం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒకరి చేతిలో 35,000 మిగిలితే, రెండోవారికి మిగిలేది 15,000. జీతాల నిష్పత్తిలో 30,000, 20,000 వేస్తే ఇద్దరికీ సగం జీతం మిగులుతుంది.

ఆ మిగులులోంచి ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 3 లక్షలు, డిపాజిట్‌గా కూడాలి. స్థలం, బంగారం, మ్యూచువల్ ఫండ్ల మాట ఆ తర్వాతే. 5,000 దాటిన కొనుగోలుకు ఇద్దరూ మాట్లాడుకోవాలని ముందే అనుకుంటే, ఆ లోపు ఖర్చుకు సంజాయిషీ అక్కర్లేదు.

ఉమ్మడి ఖాతాను ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో తెరిస్తే ఎవరి సంతకమైనా చెల్లుతుంది. ఒకరు మరణించినా డబ్బు రెండోవారికి అందుతుంది. ముప్పూ అందులోనే ఉంది, ఒక్కరే మొత్తం తీసేయవచ్చు. అందుకే అక్కడ రెండు నెలల ఖర్చుకు మించి ఉంచకపోవడం మేలు. పన్ను తగ్గుతుందని భర్త తన డబ్బు భార్యకు ఇచ్చి ఆమె పేరున డిపాజిట్ చేయిస్తే, ఆ వడ్డీ మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది.