డిజైను రిపోర్టులో ‘అవసరాలు’ రాయడం ఎలా? – ఆసు యంత్రం ఉదాహరణగా ఒక పాఠం

పాలిటెక్నిక్‌లోనూ ఇంజనీరింగ్‌లోనూ చదువుతున్న మన హాస్టలు మిత్రులు చివరి ఏడాదిలో ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. అందులో సమస్య ఏమిటి అన్న భాగం తర్వాత ‘అవసరాలు’ అని ఒక భాగం ఉంటుంది. మేము చూసిన చాలా రిపోర్టుల్లో ఈ భాగం ఒక పేజీ దాటదు, అదీ అన్ని రిపోర్టుల్లోనూ ఒకేలా ఉంటుంది. నీళ్ళ మోటారుకు రాసినదాన్ని పేరు మార్చి వేరుశనగ కాయలు వొలిచే యంత్రానికి కూడా వాడుకోవచ్చు! అలాంటి పేజీని తీసుకుని ఎలా తిరగరాయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

పుత్తూరు, నగరి, నారాయణవనం వైపు మగ్గాల చప్పుడు వినని వాళ్ళు లేరు కాబట్టి నేతకు సంబంధించిన ఉదాహరణే తీసుకుంటున్నాము. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. తన తల్లి లక్ష్మి గారి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి రకం చీరలకు రంగు అద్దే ముందు, అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల మీదుగా దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోయాలి. ఆసు పోయడమంటే ఇదే. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఆ తల్లి భుజం, మోచేయి నొప్పులు చూడలేకే ఆయన ఈ పనికి పూనుకున్నారు.

ఇదే సమస్య మీద ఒక విద్యార్థి బృందం రిపోర్టు రాస్తే అవసరాల పేజీ మామూలుగా ఇలా ఉంటుంది: ‘యంత్రం వేగంగా పనిచేయాలి. వాడటానికి తేలికగా ఉండాలి. దారం తెగకూడదు. ధర అందుబాటులో ఉండాలి. మైక్రోకంట్రోలరు వాడాలి. చూడటానికి ఆకర్షణీయంగా ఉండాలి.’

ఇందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. కానీ యంత్రం తయారయ్యాక ఇద్దరు వేర్వేరు మనుషులకు ఈ పేజీ ఇచ్చి, ‘ఇది నెరవేరిందా?’ అని అడగండి. ఒకరు వేగంగానే ఉందంటారు, ఇంకొకరు లేదంటారు. ఇద్దరూ విడివిడిగా పరీక్షించి ఒకే జవాబుకు రాగలిగితేనే అది కొలవదగిన అవసరం.

తిరగరాసే ముందు సమస్యను ముక్కలు చేసి నంబర్లు వేయాలి. స-1: చేయి 9,000 సార్లు ఆడటం వల్ల నొప్పి. స-2: ఒక చీరకు నాలుగైదు గంటలు. స-3: పని ఇంట్లోనే జరగాలి. స-4: కొనేది నేతపని కుటుంబం. ఇక ప్రతి అవసరం పక్కన అది ఏ ‘స’ నుంచి పుట్టిందో రాయాలి.

ముందుగా వేగం చూద్దాం. ఒక చీర 90 నిమిషాల్లో కావాలని పెట్టుకున్నాం అనుకోండి. 9,000ను 90తో భాగిస్తే నిమిషానికి 100 సార్లు. చాలామంది ‘నిమిషానికి 100’ అని రాసి ముగిస్తారు. కానీ అలా రాస్తే యంత్రం మధ్యలో ఒక్కసారి కూడా ఆగకూడదు. దారం తెగితే ముడి వేయాలి, కండె అయిపోతే మార్చాలి. ఒక చీరకు 10 సార్లు ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ ఒక నిమిషం పోతుంది అనుకుంటే, నడిచేది 80 నిమిషాలే. అప్పుడు 9,000ను 80తో భాగించాలి. నిమిషానికి దాదాపు 113 సార్లు తిరగాలన్నమాట. ఈ 10 సార్లు, ఒక నిమిషం అన్నవి మన అంచనాలే కాబట్టి, ఆసు పోసే వాళ్ళ దగ్గర వాచీ పెట్టుకుని కూర్చుని చూశాకే ఖాయం చేయాలి. అప్పుడు అవసరం ఇలా అవుతుంది:

అ-1 (స-2 నుంచి): మొదటి దారం కట్టినప్పటి నుంచి చివరి మేకు పూర్తయ్యే వరకు, ఆగిన సమయంతో కలిపి, ఒక చీరకు 90 నిమిషాలు మించకూడదు. పరీక్ష: వరుసగా 3 చీరలు, ప్రతి ఒక్కటీ.

‘ప్రతి ఒక్కటీ’ అన్న మాట ఊరికే రాయలేదు. సగటు అంటే 60, 80, 130 నిమిషాలు పట్టినా పాసైపోతుంది.

‘దారం తెగకూడదు’ అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. అసలు తెగకుండా ఎవరూ చేయలేరు. అ-2 (అ-1 నుంచి): ముడులు, కండె మార్పులు కలిపి చీరకు 10 ఆగుళ్ళు మించకూడదు. అవసరం నుంచి కూడా అవసరం పుట్టవచ్చు, పుట్టిన చోటు రాస్తే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. చేత్తో హ్యాండిల్ తిప్పే యంత్రం చేశామనుకోండి. పోతకు ఒక చుట్టు చొప్పున 9,000 సార్లు తిప్పాలి, కానీ 90 నిమిషాల్లో పని అయిపోతుంది. అ-1, అ-2 రెండూ పాసు. భుజం నొప్పి మాత్రం అలాగే ఉంది! వేగం ఒక్కటే రాసుకుంటే ఈ పని ఎవరి కోసం మొదలైందో వాళ్ళే రిపోర్టులో మాయమైపోతారు. స-1 ఎదురుగా ఏ అవసరమూ లేదని పక్కన నంబర్లు వేసినందువల్లే బయటపడింది. అందుకే అ-3 (స-1 నుంచి): యంత్రం నడుస్తున్నంతసేపు దారం పోయడానికి చేయి ఆడించే పని సున్నా ఉండాలి, ఆగినప్పుడు మాత్రమే చేయి పెట్టాలి. పరీక్ష: పక్కన ఒకరు కూర్చుని లెక్కపెట్టాలి. ‘వాడటానికి తేలికగా’ అన్న మాటకు బదులు ఇది.

మైక్రోకంట్రోలరుకు ఏ ‘స’తోనూ సంబంధం లేదు. అది పరిష్కారం, అవసరం కాదు. దాన్ని డిజైను అధ్యాయానికి పంపాలి. క్యామ్, గేర్లతో కూడా పని జరిగితే వద్దనడానికి మనమెవరం? ‘ఆకర్షణీయంగా’ అన్నదాన్ని కొట్టేయాలి.

అయితే తల్లి లేని ప్రతి అవసరాన్నీ కొట్టేయకూడదు. ‘ప్రతి మేకు మీద పోగుల లెక్క తప్పకూడదు’ అని ఒక మిత్రుడు రాస్తే, నాలుగు సమస్యల్లో దేనికీ అది అతకదు. కానీ లెక్క తప్పితే రంగు తప్పుచోట పడి డిజైను చెదిరిపోతుంది. ఇక్కడ లోపం అవసరంలో లేదు, సమస్య రాసిన భాగంలో ఉంది. వెనక్కి వెళ్ళి స-5 అని చేర్చాలి. ఆ తర్వాతే అ-4: పరీక్షించిన 3 చీరల్లో అన్ని మేకుల మీదా పోగుల తేడా సున్నా.

దీన్నే కొందరు ‘99 శాతం చీరలు తప్పు లేకుండా’ అని గొప్పగా రాస్తారు. మూడు చీరలతో అది తేలదు. ఆ మాట 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే సుమారు 300 చీరలు ఒక్క తప్పూ లేకుండా పోసి చూపాలి. పరీక్షకు ఉన్న రోజులు, దారం ఎంతో చూసుకుని అంకె వేయాలి.

స-3కి, యంత్రం ఏ ఇంట్లోకి వెళ్ళాలో ఆ ఇంటి తలుపు వెడల్పు, గది కొలతలు టేపుతో తీసి రాస్తే చాలు. స-4 ధర దగ్గర మాత్రం ఊహించి అంకె వేయకండి. అ-6 (స-4 నుంచి): ధర రూ. ____ మించకూడదు, కనీసం ఐదు కుటుంబాలను అడగాలి, అడిగేది ఎవరు, ఏ తేదీలోగా – అని ఖాళీగా వదలండి. గైడు గారు ఖాళీ చూసి అడిగితే ఆ పేరూ తేదీ చూపించండి.