నిమిషానికి 125: నార్మలేనా సిస్టర్?

లేబర్ రూమ్ స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న చాలా తేలికైనది. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలి? జీఎన్‌ఎం అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా తడుముకోకుండా 110 నుంచి 160 అంటారు. రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు: "నొప్పి వస్తున్నప్పుడు విన్నావా, తగ్గాక విన్నావా?" కాన్పుల గదిలో పనిచేయాలనుకునేవాళ్లు ఈ రెండో ప్రశ్నకు సిద్ధపడాలి.

కాన్పు దశలు మీకు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నొప్పులు మొదలైనప్పటి నుంచి గర్భాశయ ముఖం 10 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా మొదటి దశ. అక్కడి నుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా రెండోది, మాయ పడేదాకా మూడోది. ఆ తర్వాతి గంట రెండు గంటలు రక్తస్రావం కోసం కాచుకుని ఉండే కాలాన్ని నాలుగోది అంటాం. మొదటి దశలోనే మళ్లీ రెండు భాగాలున్నాయి. నొప్పులు అప్పుడప్పుడూ వస్తూ ముఖం నెమ్మదిగా తెరుచుకునేది లేటెంట్, జోరందుకునేది యాక్టివ్. యాక్టివ్ ఎక్కడ మొదలవుతుందన్న దగ్గర పుస్తకాలు తేడాగా చెబుతాయి. పాత పార్టోగ్రాఫ్ 4 సెంటీమీటర్లంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి 5 అంటోంది, అమెరికా వైద్యులు 6 అంటారు. పరీక్ష రాసేటప్పుడు ప్రశ్న ఏ దేశానిదో చూసుకుని జవాబు పెట్టండి.

యాక్టివ్ దశలో మన ఆసుపత్రుల పార్టోగ్రాఫ్ ప్రకారం అరగంటకోసారి బిడ్డ గుండె, తల్లి నాడి, పది నిమిషాల్లో వచ్చిన నొప్పుల సంఖ్య రాయాలి. బీపీ, టెంపరేచర్, లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి. ఉమ్మనీరు పోయాక దాని రంగు కూడా చూస్తాం. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలం పోసుకున్నట్టు. రెండో దశలోకి వచ్చాక గుండె చప్పుడు ప్రతి ఐదు నిమిషాలకూ వినాలి.

వినే పద్ధతిలోనే నర్సు నైపుణ్యం ఉంది. ఒక చేయి పొట్ట మీద, ఒక చేతిలో డాప్లర్, కళ్లు గడియారం మీద. గర్భాశయం గట్టిపడినప్పుడు మాయకు వెళ్లే రక్తం కాసేపు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అదేమీ పట్టదు. మాయ సరిగా అందించలేని పరిస్థితి ఉంటే మాత్రం ఆ లోటు నొప్పి శిఖరం దాటాక బయటపడుతుంది. గుండె వేగం మెల్లగా దిగి, నొప్పి పూర్తిగా తగ్గిపోయాక గానీ మళ్లీ ఎక్కదు. దీన్నే లేట్ డిసెలరేషన్ అంటారు. అందుకే నొప్పి తగ్గుతున్నప్పుడు మొదలుపెట్టి కనీసం ఒక నిమిషం వినాలంటాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొలిచూలు, నెలలు నిండాయి. రాత్రి 10 గంటలకు 5 సెంటీమీటర్లు, పది నిమిషాలకు మూడు నొప్పులు, బిడ్డ గుండె 144. తెల్లవారుజామున 2 గంటలకు చూస్తే 6 మాత్రమే అయింది. డాక్టర్ వచ్చి ఉమ్మనీటి సంచి తెరిచారు, నీరు తేటగా ఉంది. ఆక్సిటోసిన్ డ్రిప్ మొదలుపెట్టారు. మూడున్నరకు పది నిమిషాల్లో ఆరు నొప్పులు వస్తున్నాయి. అయిదు దాటితే ఎక్కువే. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య బిడ్డకు ఊపిరి తీసుకునే వ్యవధి లేదన్నమాట.

ఇప్పుడు ఇద్దరు నర్సులు విన్నారనుకోండి. మొదటామె నొప్పి శిఖరం దాటగానే మొదలుపెట్టి నిమిషమంతా లెక్కపెట్టి 125 అని రాసింది. 110కీ 160కీ మధ్యే ఉంది, నార్మల్. రెండో ఆమె అదే నిమిషాన్ని పదిహేను సెకన్ల ముక్కలుగా లెక్కపెట్టింది: 35, 31, 29, 30. ఆ తర్వాతి పదిహేను సెకన్లలో 36. ఒక్కోదాన్ని నాలుగుతో గుణిస్తే 140, 124, 116, 120, మళ్లీ 144. మొత్తం కలిపితే ఆమెకు వచ్చిందీ అదే 125. కానీ ఆమెకు లోయ కనిపించింది. అందులో ఏ అంకె కూడా 110 కంటే కిందికి పోలేదు. లేట్ డిసెలరేషన్లు చాలాసార్లు ఇలాగే లోతు లేకుండా ఉంటాయి, అందుకే కళ్లు గప్పుతాయి.

రెండో ఆమె ఏం చేసింది? ముందు డ్రిప్ ఆపింది. "ఎడమ పక్కకి తిరుగమ్మా" అని తల్లిని పక్కకు తిప్పింది. బరువైన గర్భాశయం పెద్ద రక్తనాళాల మీద నుంచి తప్పుకుంటే మాయకు రక్తం పెరుగుతుంది. తల్లి నాడి పట్టుకుని చూసింది, ఎందుకంటే డాప్లర్‌లో వినిపించేది తల్లి గుండేనేమో తేల్చుకోవాలి. అది 92, కాబట్టి విన్నది బిడ్డదే. బీపీ చూసింది, బాగుంది. లోపలి పరీక్షలో బొడ్డుతాడు తగల్లేదు, ముఖం 8 సెంటీమీటర్లు. ఆక్సిజన్ మాస్క్ పెట్టలేదు. తల్లి సాచురేషన్ బాగున్నప్పుడు అది బిడ్డకు మేలు చేస్తుందన్న రుజువు లేదు, పాత గైడ్లలో మాత్రం ఇంకా అది జవాబుగానే కనిపిస్తుంది.

ఈలోగా డాక్టర్‌కు ఫోన్: "మేడమ్, రెండింటికి ఆక్సిటోసిన్ పెట్టిన తొలిచూలు కేసు. పది నిమిషాలకు ఆరు నొప్పులు. నొప్పి తర్వాత గుండె 144 నుంచి 116కి దిగి, నొప్పి పోయాకే ఎక్కుతోంది. డ్రిప్ ఆపాను, ఎడమ పక్కకి తిప్పాను. 8 సెంటీమీటర్లు, తాడు లేదు, నీరు తేట. సీటీజీ పెడుతున్నాను, మీరు వెంటనే రావాలి." "హార్ట్ రేట్ కొంచెం తగ్గింది మేడమ్" అని మాత్రమే చెబితే ఆవిడ ఏం నిర్ణయించగలరు?

సీటీజీ ఎందుకంటే, డాప్లర్‌తో అనుమానపడగలం గానీ ఖాయం చేయలేం. గీత మీదే వేరియబిలిటీ, అంటే బేస్‌లైన్ చుట్టూ గుండె వేగంలో ఉండే చిన్న చిన్న హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. అవి 6 నుంచి 25 మధ్య ఉంటే బిడ్డకు ప్రస్తుతానికి ఆక్సిజన్ అందుతోందనే పెద్ద భరోసా. ఈ తల్లికి 10 ఉంది. ఇరవై నిమిషాల్లో నొప్పులు మూడుకు తగ్గాయి, లోయలు మాయమయ్యాయి, ఉదయానికి మామూలు కాన్పే అయింది. అదే వేరియబిలిటీ పూర్తిగా పోయి గీత చదునై, ప్రతి నొప్పికీ లోయ పడుతూ ఉంటే ఆపరేషన్‌కు సిద్ధం చేయడమే.

డిసెలరేషన్లలో మిగతా రెండు ఆకారాలనూ లేట్ పక్కన పెట్టి గుర్తుంచుకోండి. నొప్పితో పాటు దిగి నొప్పితో పాటే ఎక్కేది ఎర్లీ. బిడ్డ తల నొక్కుకోవడం వల్ల వస్తుంది, కంగారు అక్కర్లేదు. అరనిమిషంలోపే దభాలున పడి, అంతే వేగంగా లేచేది వేరియబుల్. నొప్పితో దానికి పొంతన ఉండకపోవచ్చు. బొడ్డుతాడు నలగడం దానికి కారణం కాబట్టి ముందు తల్లిని అటూ ఇటూ తిప్పి చూస్తాం. ఉమ్మనీరు పోగానే ఇది కనిపిస్తే తాడు జారిందేమో వెంటనే లోపల చూడాలి.

అమెరికా వెళ్లాలని ఎన్‌క్లెక్స్‌కు చదివేవాళ్లకు ఒక మాట. ఇక్కడ చాలా ఆసుపత్రుల్లో సీటీజీ కాగితం నిమిషానికి 1 సెంటీమీటర్ నడుస్తుంది, అక్కడ 3. అదే లేట్ డిసెలరేషన్ మన కాగితం మీద ఇరుకుగా, కోసుగా కనిపించి వేరియబుల్‌లా మోసం చేస్తుంది. కాగితం అంచున వేగం చూశాకే గీత చదవండి. ఇక్కడే ఉండి కాన్పుల విభాగంలో ఎదగాలంటే 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. ఏ దారికైనా ఈ వారమే సాధన మొదలుపెట్టొచ్చు. క్లినికల్ పోస్టింగ్‌లో, మీ సీనియర్ సిస్టర్ పక్కన ఉండగా, ఒక్కో తల్లి దగ్గర వరుసగా మూడు నొప్పులు చేత్తో పట్టుకుని పదిహేను సెకన్ల లెక్కలు రాసుకోండి. తర్వాత అదే తల్లి సీటీజీ కాగితంతో పోల్చి చూసుకోండి.